జీతమెంతో రాసి పిలవండి

ఈ రోజుల్లో ఉద్యోగాలు మనుషుల్ని వెతుక్కుంటూ వస్తాయంటే మా అత్తగారు నమ్మరు. ఆవిడ లెక్కలో ఉద్యోగమంటే మనిషి చెప్పులరిగేలా తిరిగి సంపాదించుకోవలసిన వస్తువు. అలాంటిది, వంటింట్లో పోపు వేస్తూండగా ఫోను మోగి, "మేడమ్, మీకొక మంచి ఆపర్చ్యూనిటీ ఉంది, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అని ఎవరో అమ్మాయి అడగడం ఆవిడకు మహా వింతగా ఉంటుంది.

"ఎవరే అమ్మాయీ?" అంటారు మంచం మీంచి.

"ఉద్యోగమిస్తామంటున్నారండీ."

"ఎంతిస్తారుట?"

అదే గదా నాకూ తెలియనిది! పిలిచిన అమ్మాయికీ చాలాసార్లు తెలియదు. తెలిసినా చెప్పదు.

నేను సాఫ్టువేరు కంపెనీలో టెస్టింగ్ పని చేస్తూ పదమూడేళ్ళయింది. వనస్థలిపురంలో మా ఇల్లు, రాయదుర్గం అవతల ఆఫీసు. ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, మెట్లెక్కి ఇంకో రైలు పట్టుకుని, రాయదుర్గంలో దిగి ఆటో వెతుక్కుని, నా బల్లముందు కూచునేసరికి ఒక్కొక్కరోజు రెండు గంటలు దాటుతుంది. అదంతా ఓర్చుకున్నాను. కాని కిందటి దీపావళికి మా అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనయింది. నడవగలుగుతున్నారు గాని, ఒకరు పక్కన ఉండాలి. పగలు ఆయా ఉంటుంది. సాయంత్రం ఏడయేసరికి ఆవిడ చేతిసంచీ భుజాన వేసుకుంటుంది. మావారు కాలేజీ లెక్చరరు, సాయంత్రం క్లాసులు ముగించుకుని వచ్చేసరికి తొమ్మిది. అంటే ఏడింటికి ఇంట్లో ఉండవలసిన మనిషిని నేనే. ఆయా మరో రెండు గంటలు ఉండాలంటే నెలకు ఇంకా ఆరువేలు అడిగింది. ఆ తరవాత అదీ కుదరదంది.

కాబట్టి ఉద్యోగం మారాలి. జీతం కాస్త పెరగాలి, ఇంటికి దగ్గర కావాలి, రాత్రి షిఫ్టు కాకూడదు. ఈ మూడూ కావలసిన మనిషికి "మంచి ఆపర్చ్యూనిటీ" అన్న ఒక్క మాటతో ఏం తెలుస్తుంది చెప్పండి?

మా పక్కసీటులో కూచునే ఆవిడ సంగతి నా కళ్ళెదుట జరిగింది. ఆవిడకూ ఇలాగే ఫోను వచ్చింది. మొదట రిక్రూటరుతో అరగంట, తరవాత టెక్నికల్ రౌండు గంటన్నర, ఆ తరవాత ఒక శనివారం మేనేజరు రౌండు. రెండు పూటలు సెలవు పెట్టింది. అన్నీ గెలిచింది పాపం! చివరికి హెచ్.ఆర్. వాళ్ళు జీతం మాట ఎత్తేసరికి, వాళ్ళ దగ్గరున్న డబ్బు ఈవిడ అప్పటికే తీసుకుంటున్న జీతానికంటే తక్కువ. అవతలివాళ్ళూ ఏమీ మోసం చెయ్యలేదు. వాళ్ళకు మంజూరయింది అంతే. ఎవరూ ముందుగా అడగలేదు, ఎవరూ ముందుగా చెప్పలేదు. మూడు వారాలు రెండు పక్కలా హరించుకుపోయాయి.

అది చూసింతరవాత నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఉద్యోగం తాలూకు పూర్తి వివరం, ఆ పోస్టుకు నిర్ణయించిన జీతం ఎంతనుంచి ఎంతవరకో, ఈ రెండూ రాతపూర్వకంగా చేతికందేదాకా మొదటి ఫోనుకు ఒప్పుకోకూడదని. మావారు మొదట నవ్వారు.

"నువ్వేమైనా కలెక్టరువా? వాళ్ళు పిలుస్తూంటే షరతులు పెడతావు!" అన్నారు.

దానికి మా అత్తగారే సమాధానం చెప్పారు. "మీ నాన్నగారి ఉద్యోగం పేపర్లో పడ్డప్పుడు జీతం పక్కనే అచ్చేశారురా. నేను చదివే ఒప్పుకున్నాను పెళ్ళికి" అన్నారు.

ఆ మాట నిజమే గదా అనిపించింది. సర్కారు నోటిఫికేషను ఏది తీసి చూడండి. పోస్టు పేరు, అర్హతలు, పేస్కేలు అన్నీ వరసగా ఉంటాయి. కేంద్రప్రభుత్వం వారి లెవెల్ 6 ఉద్యోగమంటే ఏడో వేతన సంఘం లెక్కలో బేసిక్ 35,400 నుంచి 1,12,400 దాకా అని దరఖాస్తు పెట్టకముందే ఎవరికైనా తెలుస్తుంది. ప్రైవేటు కంపెనీల దగ్గరికి వచ్చేసరికి అదేదో ఇంటిగుట్టు అయిపోతుంది. వాళ్ళకూ గ్రేడులుంటాయి, గ్రేడుకింతని అడుగూ పైకప్పూ రాసి ఉంటాయి. కాకపోతే బీరువాలో ఉంటాయి.

ఎందుకు చెప్పరో తెలుసుకోకుండా ఆ పిల్లలమీద విసుక్కోవడం న్యాయం కాదు. మనల్ని పిలిచేవాళ్ళు రెండు రకాలు. కంపెనీలోనే జీతం తీసుకుంటూ మనుషుల్ని వెతికేవాళ్ళు ఒకరు. బయటి ఏజెన్సీవాళ్ళు ఇంకొకరు. ఏజెన్సీకి కంపెనీ ఇచ్చే ఫీజు, మనం చేరితేనే. మామూలుగా అది మన ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. పని అరుదైనదైతే ఇంకా ఎక్కువ ఉంటుంది. చేరినవాళ్ళు రెండు మూడు నెలల్లో మానేస్తే ఇంకొకర్ని ఊరికే వెతికిపెట్టాలని కూడా సాధారణంగా షరతు ఉంటుంది. పైగా ఒకే ఖాళీని కంపెనీ నాలుగైదు ఏజెన్సీలకు ఇస్తుంది. ఎవరు ముందు మన రెజ్యూమె పంపితే మనం వారి ఖాతాలో పడతాం. అంచేత ఆ అమ్మాయికి కావలసింది మనతో తీరికగా మాట్లాడ్డం కాదు. మనచేత "సరే" అనిపించుకుని, సాయంత్రంలోగా మన పేరు ఎక్కించడం. రోజుకు ఇన్ని పేర్లు పంపాలని ఆమె నెత్తిమీద ఒక లెక్క కూడా ఉంటుంది.

కంపెనీ పేరు చెబితే మనం సూటిగా అక్కడికే దరఖాస్తు పెట్టుకుంటామేమోనని ఒక భయం. జీతం పైఅంకె చెబితే అందరూ దాన్నే పట్టుకుని వేళ్ళాడతారని కంపెనీవారి భయం. మూడోది, ఇది ముఖ్యమైనది: చాలా చోట్ల వాళ్ళు ఇచ్చే జీతాన్ని పోస్టును బట్టి కాక, మన ఇప్పటి జీతాన్ని బట్టి కడతారు. ఇప్పుడున్నదానిమీద ఇరవయ్యో ముప్ఫయ్యో శాతం కలిపి, అదే గొప్ప పెంపకమంటారు. అందుకే మొదటి ప్రశ్న "మీ కరెంట్ సి.టి.సి. ఎంత మేడమ్?" అని. మన అంకె ముందు బల్లమీద పడితే వాళ్ళ అంకె జేబులోనే ఉండిపోతుంది.

మా చెల్లెలి కూతురు అమెరికాలో కాలిఫోర్నియాలో ఉంటుంది. దానికీ సంగతి చెబితే నవ్వింది. అక్కడ 2018 జనవరినుంచే యజమానులు పాతజీతం అడగకూడదుట. అభ్యర్థి అడిగితే ఆ పోస్టు జీతం స్కేలు చెప్పాలిట. 2023 జనవరినుంచి పదిహేను మందీ, అంతకు పైనా పనిచేసే కంపెనీలు ప్రకటనలోనే అచ్చువెయ్యాలి. దానికంటే ముందే, 2021లో, కొలరాడో రాష్ట్రం ప్రకటనలో జీతం వెయ్యాలని చట్టం అమల్లో పెట్టింది. అప్పుడు కొన్ని కంపెనీలు చేసిన పని వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు: ఇంటినుంచి చేసే ఉద్యోగాల ప్రకటనల కింద "కొలరాడోవాళ్ళు తప్ప ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు" అని రాశాయి! ఐరోపా సమాఖ్య కూడా 2023లో ఇలాంటి ఆదేశం చేసి, సభ్యదేశాలన్నీ 2026 జూన్ 7 లోగా తమ చట్టాలు దిద్దుకోవాలని గడువు పెట్టింది. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగాలకు అలాంటి చట్టం లేదు. కాబట్టి ఇక్కడ అడగడం మన నోటి మంచితనంమీదే ఆధారపడి ఉంది.

ఆ అడగడం ఎలాగన్నదే ఇప్పుడు చెప్పవలసింది. మొదటిసారి నాకు వచ్చిన మెసేజిలో "పేరున్న బహుళజాతి సంస్థ, టెస్ట్ లీడ్, 8 నుంచి 15 ఏళ్ళ అనుభవం, జీతం మార్కెట్లో ఎవరికీ తీసిపోదు, రెజ్యూమె పంపి కాల్‌కు వీలైన టైము చెప్పండి" అని ఉంది. నేను ఇంగ్లీషులో జవాబు రాశాను. దాని భావం ఇది:

"నమస్కారం. నన్ను గుర్తించి రాసినందుకు సంతోషం. నాకు మారే ఉద్దేశం ఉంది. మాట్లాడే ముందు రెండు వివరాలు పంపగలరా? ఒకటి, పూర్తి జాబ్ డిస్క్రిప్షన్. అందులో ఆఫీసు ఏ పేటలో ఉందో, వారానికి ఎన్నిరోజులు రావాలో, పనివేళలేమిటో, ఉద్యోగం కంపెనీ పేరోలు మీదో వేరేవాళ్ళ పేరోలు మీదో ఉండాలి. రెండు, ఈ పోస్టుకు మంజూరైన జీతం ఎంతనుంచి ఎంతవరకు, అందులో ఫిక్స్‌డ్ భాగమెంత. నాకు సరిపడేలా ఉంటే గురు, శుక్రవారాల్లో రాత్రి ఎనిమిది దాటాక ఇరవై నిమిషాలు మాట్లాడతాను. అప్పటిదాకా నా రెజ్యూమె ఎవరికీ పంపవద్దని మనవి."

ఇందులో ప్రతి ముక్కకూ ఒక పని ఉంది. చివర రోజు, వేళ చెప్పడంవల్ల ఇది తిరస్కారం కాదని అవతలివాళ్ళకు తెలుస్తుంది. వేళ చెప్పకుండా ప్రశ్నలు మాత్రం అడిగితే, వాళ్ళు మనల్ని పొగరుబోతుల జాబితాలో వేసి ఇంకొకర్ని పిలుచుకుంటారు. రెజ్యూమె పంపవద్దనడం ఎందుకంటే, ఒకే ఖాళీకి రెండు ఏజెన్సీలు మన పేరు పంపితే, ఫీజు ఎవరిదన్న తగువు వస్తుంది. ఆ తగువు ఎందుకొచ్చిందిలే అని కంపెనీ మనల్నే పక్కన పెట్టెయ్యవచ్చు. ఎవరి ద్వారా వెళ్ళాలో ఒప్పుకోవడం మన చేతిలో ఉన్న ఒకే ఒక తాళంచెవి. వివరాలు చూడకుండా అది ఇచ్చెయ్యకూడదు.

జవాబు పావుగంటలో వచ్చింది. "సరైన క్యాండిడేటుకు జీతం అడ్డం కాదు మేడమ్. మీ కరెంట్ సి.టి.సి., ఎక్స్‌పెక్టెడ్ సి.టి.సి., నోటీసు పీరియడ్ చెప్పండి."

"జీతం అడ్డం కాదు" అన్న మాట ఎక్కడ వినిపించినా అక్కడ జీతమే అడ్డమని నా అనుభవం. బట్టలకొట్లో "ధరదేముందమ్మా, ముందు చీర చూడండి" అంటాడే, అదే ఇది. నేను కోప్పడలేదు. నోటీసు పీరియడ్ రెండు నెలలని చెప్పాను. అది దాచవలసినదేమీ కాదు. జీతం సంగతి మాత్రం, "మీ అంకె ముందు చెబితే నాకు వీలవుతుందో లేదో వెంటనే చెప్పేస్తాను, మీకూ ఒక కాల్ మిగులుతుంది" అని రాశాను. దానికి జవాబు రాలేదు. ఒకరోజు ఆగాను.

రెండోరోజు ఇంకో దారి తొక్కాను. ఇది మొదటిదానంత మంచిది కాదు. మొదటిది పనిచెయ్యనప్పుడే వాడాలి. "ఫిక్స్‌డ్ 18 లక్షలకు తక్కువైతే నేను కదలను. ఈ పోస్టులో అంత ఉందా, లేదా? ఒక్క మాట చెప్పండి చాలు" అన్నాను. ఇందులో చిక్కేమిటంటే, మనం చెప్పిన కనిష్ఠమే వాళ్ళకు గరిష్ఠమై కూచుంటుంది. వాళ్ళు 22 ఇవ్వగలిగినా ఇక 18 దగ్గరే గీత గీస్తారు. అయినా అవునో కాదో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. అందుకే నేను చెప్పే అంకె, నాకు నిజంగా చాలినదానికంటే కాస్త ఎత్తులోనే ఉంచుతాను. అబద్ధం మాత్రం చెప్పను. పాతజీతం పెంచి చెబితే చేరేటప్పుడు పేస్లిప్పులు అడుగుతారు, అక్కడ దొరికిపోతాం.

ఈసారి ఆ అమ్మాయి నిజం చెప్పింది. నాకు ముచ్చటేసింది. "మేడమ్, బ్యాండు 16 నుంచి 22. కాని ఈ పోస్టుకు క్లయింటు 19 దాకానే ఇచ్చారు. అందులో 15 శాతం వేరియబుల్. షిఫ్టు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11."

ఆ నాలుగు వాక్యాల కోసమే ఇంత తతంగం. బ్యాండు ఒకటీ, ఈ పోస్టుకు మంజూరైన డబ్బు ఇంకొకటీ అన్నది అందులో చూడండి. బ్యాండంటే ఆ గ్రేడులో ఉన్నవాళ్ళందరికీ కలిపి అడుగు, పైకప్పు. పైకప్పు దగ్గర ఉండేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఆ గ్రేడులో పనిచేస్తున్నవాళ్ళు. కొత్తగా వచ్చేవాళ్ళను మామూలుగా మధ్యగీతకు ఇవతలే చేర్చుకుంటారు, తరవాత పెంచడానికి చోటుండాలని. 22 చూసి ఆశపడి వెళ్ళినవాళ్ళకు 19 వస్తే మోసమనిపిస్తుంది. అంచేత "బ్యాండు ఎంత" అని అడిగి ఊరుకోకుండా, "ఈ పోస్టుకు మంజూరైంది ఎంత" అని కూడా అడగాలి.

ఇక ఆ 19 సంగతి. రాత్రి అత్తగారికి మందులిచ్చి, పాత కాలెండరు వెనక లెక్క కట్టాను. 19 లక్షల్లో 15 శాతం వేరియబుల్ అంటే 2 లక్షల 85 వేలు. అది కంపెనీ ఏడాదీ మన పనీ బాగుంటే వచ్చేది, నెలనెలా చేతికి రాదు. మిగిలింది 16 లక్షల 15 వేలు. అందులో సగం బేసిక్ అనుకుంటే, దానిమీద కంపెనీ కట్టే ప్రావిడెంటు ఫండు 12 శాతం, గ్రాట్యుటీ పేర 4.81 శాతం, రెండూ ఈ సి.టి.సి. లోపలే కలిపి చూపిస్తారు. ఇన్సూరెన్సు ప్రీమియం ఒక ఇరవైవేలు. అవన్నీ తీసేస్తే నెలకు లక్షా ఇరవై ఒకటిన్నర వేలు మిగిలింది. నాకు ఇప్పుడున్న 16 లక్షల్లో వేరియబుల్ 5 శాతమే. అదే పద్ధతిలో కడితే నెలకు లక్షా పధ్నాలుగు వేల పైచిలుకు. అంటే "16 నుంచి 22" అన్న ఆ పెద్దమాటలోంచి నా చేతికి అదనంగా వచ్చేది నెలకు ఏడువేల చిల్లర, అందులో మళ్ళీ పన్ను. ఆయాకు రెండు గంటలు ఎక్కువిస్తేనే ఆరువేలు. రాత్రి పదకొండు దాకా షిఫ్టయితే ఆవిడ ఎలాగూ ఉండదు.

"క్షమించండి, నాకు కుదరదు. పగటివేళ, ఉప్పల్‌, ఎల్.బి. నగర్ వైపు ఏదైనా వస్తే చెప్పండి" అని రాసేశాను. మొత్తం ఏడు మెసేజిలు. ఒక్క ఫోను లేదు, ఒక్క పూట సెలవు లేదు.

జాబ్ డిస్క్రిప్షను గురించి కూడా ఒక మాట. పేరుకు అందరూ ఏదో ఒకటి పంపుతారు. దాంట్లో సరుకుందో లేదో చదివి పట్టుకోవాలి. ప్రపంచంలో ఉన్న టూల్సన్నీ వరసగా ఏకరువు పెట్టి, అనుభవం 5 నుంచి 15 ఏళ్ళని రాశారంటే, అది ఎక్కడినుంచో ఎత్తి అతికించినదని నేననుకుంటాను. 5 ఏళ్ళ మనిషీ 15 ఏళ్ళ మనిషీ ఒకే కుర్చీలో కూచోరు, ఒకే జీతమూ తీసుకోరు. నిజమైన వివరంలో ఎవరికింద పనిచెయ్యాలో, మన కింద ఎందరుంటారో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పనేమిటో ఉంటుంది. ఒకటి నాకు "ఆటోమేషన్ లీడ్" అని వచ్చింది. లోపల చూస్తే పదింట ఎనిమిది వాక్యాలు చేత్తో చేసే టెస్టింగు గురించే. పైపేరు ఒకటి, లోపలి పని ఒకటి. జీతం మాత్రం లోపలి పనికే ఇస్తారు. ఇంకొకదాంట్లో ఏడాదికి ఒప్పందమని అడుగున చిన్నగా ఉంది. అంటే మనం పనిచేసేది పెద్దకంపెనీలో, జీతమిచ్చేది మధ్యలో ఉన్న చిన్నకంపెనీ. అందులో తప్పేం లేదు గాని, అత్తగారి ఆపరేషనుకు ఇన్సూరెన్సు ఎవరిస్తారో ముందే తెలియాలి గదా.

ఇలా అడగడంవల్ల మరో లాభం కూడా ఉందని తరవాత తెలిసింది. ఉద్యోగాల పేర డబ్బు గుంజే దొంగలు ఈ ఊళ్ళో తక్కువేం లేరు. వాళ్ళకు రాతపూర్వకంగా వివరాలు అడిగేవాళ్ళంటే గిట్టదు. నాకొక పెద్దమనిషి "కన్సల్టెన్సీ" అంటూ రోజూ ఫోను చేసేవాడు. కంపెనీ ఈమెయిలునుంచి జాబ్ డిస్క్రిప్షను పంపమన్నాను. అంతే, మళ్ళీ పలకలేదు.

అందరికీ ఈ పద్ధతి చెల్లుతుందని నేననను. మా తమ్ముడి కొడుకు నిరుడు ఇంజనీరింగు ముగించాడు. వాడు నా మెసేజి కాపీ కొట్టి పంపుతానంటే వద్దన్నాను. కాలేజీనుంచి కొత్తగా వచ్చేవాళ్ళకు కంపెనీలు వందలమందికి ఒకే అంకె పెడతాయి. అక్కడ అడగవలసింది బాండు ఉందా, శిక్షణకాలంలో జీతమెంత అన్నవే. అదీ ఫోను ఎత్తి, మర్యాదగా. చేతిలో ఉద్యోగం లేనివాళ్ళూ అంత బిగించలేరు. వాళ్ళు ఫోనెత్తి, మొదటి రెండు నిమిషాల్లోనే అడిగితే మంచిది. చిన్న కంపెనీలకైతే బ్యాండన్నదే ఉండదు. యజమాని మనసులో ఉన్నదే బ్యాండు. అలాంటిచోట "లేదు" అంటే దాచినట్టు కాదు. కొందరు రిక్రూటర్లకు జీతం రాయవద్దని కంపెనీ ఆజ్ఞ ఉంటుంది. అటువంటివాళ్ళు "రాయలేను గాని, నోటితో చెబుతాను" అంటారు. అప్పుడు నేను ఒప్పుకుని, విన్నది వెంటనే నేనే మెయిల్లో రాసి పంపుతాను: "మీరిలా చెప్పారు, సరిగా విన్నానా?" అని. సరే అన్న ఒక్క మాట వస్తే చాలు.

నాలుగు నెలల్లో పంతొమ్మిది మందికి ఈ మెసేజి పంపాను. పదిమంది జవాబే ఇవ్వలేదు. మొదట్లో అది గుండెలో కలుక్కుమనేది. అందులో మంచిది పోయిందేమోనని మావారు కూడా అప్పుడప్పుడు అనేవారు. పోయే ఉండవచ్చు, ఆ ఖర్చు లేదని నేను చెప్పను. తొమ్మిదిమంది వివరాలు పంపారు. అందులో ఆరు చదవగానే కుదరవని తేలింది. ముగ్గురితో మాట్లాడాను.

ఆ ముగ్గురిలో ఒకాయన కంపెనీలోనే పనిచేసే రిక్రూటరు. రెండు పేజీల వివరం, బ్యాండు 17 నుంచి 25, వేరియబుల్ 10 శాతం, ఆఫీసు ఉప్పల్ వైపు, వారానికి మూడురోజులు, పొద్దున 9 నుంచి సాయంత్రం 6. శుక్రవారం రాత్రి ఎనిమిదింబావుకు పిలిచాడు. అడగవలసినవన్నీ ముందే తెలుసు గనక, ఆ ఇరవై నిమిషాలూ పని గురించే మాట్లాడుకున్నాం. జట్టు ఎంత, ఇదివరకు ఈ పనిచేసినవాళ్ళు ఎందుకు మానేశారు, అవి. చివర ఆయనే అడిగాడు, "మీరు ఎంత అనుకుంటున్నారండీ?" అని.

"మీ బ్యాండుకు మధ్యగీత 21 గదండీ. కొత్తవాళ్ళకు అక్కడిదాకా ఇస్తారా?" అన్నాను.

ఆయన కాసేపు ఊరుకున్నాడు. "21 దాటితే నేను పైన అనుమతి తీసుకోవాలి" అన్నాడు.

"అయితే 21 అనుకుందాం" అన్నాను.

రెండు రౌండ్లయ్యాక ఇరవైన్నర దగ్గర తెగింది. ఫిక్స్‌డ్ 18 లక్షల 45 వేలు. చేరి మూడు నెలలయింది. ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో కూడా ఆరున్నర, ఆరూ ముప్పావుకల్లా ఇంట్లో ఉంటున్నాను. ఆయా సంచీ భుజాన వేసుకునేసరికి నేను కాళ్ళు కడుక్కుంటూంటాను. అత్తగారు మాత్రం, "మీ మామగారికైతే జీతం ముందే అచ్చేశారు" అని ఇంకా అంటూనే ఉన్నారు.

ఆ మొదటి అమ్మాయి నన్ను మరచిపోలేదు. నెలకోసారి మెసేజి పెడుతుంది. ఇప్పుడు మొదటి వరసలోనే చోటు, షిఫ్టు, మంజూరైన జీతం, అందులో ఫిక్స్‌డ్ ఎంతో రాసేస్తోంది. నేను ఉద్యోగంలో చేరానని చెప్పినా, "మీ ఫ్రెండ్స్ ఎవరికైనా చెప్పండి మేడమ్" అంటుంది. నిన్న కూడా ఒకటి వచ్చింది: బెంగుళూరు, 24 దాకా, పగటి షిఫ్టు. మా పాత ఆఫీసులో పక్కసీటావిడకు పంపించాను.